బొమ్మ పోయిన ప్రశ్నలో మూలకాల పేర్లు రాయండి

ప్రశ్న: నేను మా ఊళ్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు సాయంత్రాలు రసాయన శాస్త్రం చెబుతాను. ఏళ్లుగా కూడబెట్టిన ప్రశ్నలను కంప్యూటర్‌లోకి ఎక్కించమని టైపు చేసే అబ్బాయికి ఇచ్చాను. అక్షరాలన్నీ వచ్చాయి, బొమ్మలు రాలేదు. అసలు కాగితాలు ఇప్పుడు లేవు. ఆవర్తన పట్టికలో కొన్ని గళ్లకు రంగు వేసి అడిగిన ప్రశ్నలు నలభై దాకా ఉన్నాయి. "రంగు వేసిన రెండు మూలకాలలో దేని విలువ ఎక్కువ?" అని మాత్రమే మిగిలింది. కొన్నిటికి జవాబులు ఉన్నాయి. ఒక పట్టిక బొమ్మ మళ్లీ పెట్టేస్తే సరిపోతుందా? లేక ఇవన్నీ పారేయాలా?

సమాధానం:

టీచర్ గారూ,

పట్టిక బొమ్మ మళ్లీ పెట్టినా లాభం లేదు. పట్టిక ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది, అది పోలేదు. పోయింది ఆ రెండు గళ్ల మీది రంగు. "ఈ మూలకాన్ని, ఆ మూలకాన్ని పోల్చు" అని వేలు పెట్టి చూపడమే ఆ రంగు చేసిన పని. ఆ పనిని మాటలతోనే చేయించండి. ప్రతి ప్రశ్నలో మూలకాల పేర్లు, పోల్చే ధర్మం పేరు వాక్యంలోనే ఉండాలి. చేతిలో కాగితం లేని విద్యార్థికి ఫోనులో ప్రశ్న చదివి వినిపిస్తే జవాబు చెప్పగలగాలి. నేను ప్రశ్నలు సరిచూసేటప్పుడు పెట్టుకునే పరీక్ష ఇదే. రంగులు గుర్తుపట్టలేని పిల్లలకూ, నలుపు తెలుపు జిరాక్సులో ప్రశ్నలు అందుకునే పిల్లలకూ మొదటి నుంచీ ఇలాగే అడగవలసింది.

రెంటిలో ముందు తేల్చుకోవలసింది ధర్మం. మూలకాలు తెలిసినా ధర్మం తెలియకపోతే జవాబు తలకిందులవుతుంది. నైట్రోజన్, ఆక్సిజన్ జంటనే తీసుకోండి. రెండో పీరియడ్‌లో పక్కపక్కనే ఉన్న గళ్లు ఇవి. మొదటి అయనీకరణ శక్తి అడిగితే నైట్రోజన్‌ది ఎక్కువ: మోలుకు నైట్రోజన్‌కు 1402 కిలోజౌళ్లు, ఆక్సిజన్‌కు 1314. ఋణవిద్యుదాత్మకత అడిగితే ఆక్సిజన్‌ది ఎక్కువ: పౌలింగ్ స్కేలు మీద ఆక్సిజన్‌ది 3.44, నైట్రోజన్‌ది 3.04. పరమాణు వ్యాసార్ధం అడిగితే మళ్లీ నైట్రోజన్‌దే పెద్దది. గళ్లు మారలేదు, "దేని విలువ ఎక్కువ?" అన్న మాటా మారలేదు. జవాబు మాత్రం అటూ ఇటూ మారింది.

ఇలా ఎందుకు జరుగుతుందో పిల్లలకు చెబితే ధర్మం పేరు రాయడం ఎంత అవసరమో వాళ్లకే తెలుస్తుంది. నైట్రోజన్ బయటి కక్ష్య విన్యాసం 2s² 2p³. మూడు p ఎలక్ట్రాన్లూ మూడు ఆర్బిటాళ్లలో విడివిడిగా ఉంటాయి. ఆక్సిజన్‌లో వచ్చి చేరే నాలుగో ఎలక్ట్రాన్‌కు ఖాళీ ఆర్బిటాల్ లేదు. అప్పటికే ఒక ఎలక్ట్రాన్ ఉన్న ఆర్బిటాల్‌లో అది జత కట్టాలి. ఒకే ఆర్బిటాల్‌లోని రెండు ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ ఎక్కువ కాబట్టి వాటిలో ఒకదాన్ని బయటకు లాగడం కొంత సులువు. అందుకే కేంద్రకంలో ఒక ప్రోటాన్ ఎక్కువ ఉన్నా ఆక్సిజన్ అయనీకరణ శక్తి తగ్గింది. ఋణవిద్యుదాత్మకత సంగతి వేరు. అక్కడ ఎలక్ట్రాన్‌ను పూర్తిగా ఊడదీయడం లేదు. బంధంలో పంచుకున్న ఎలక్ట్రాన్ జంటను ఏ పరమాణువు తన వైపు ఎక్కువగా లాక్కుంటుందన్నదే ప్రశ్న. ఆక్సిజన్ పరమాణువు చిన్నది, దాని కేంద్రక ఆవేశం ఎక్కువ, కాబట్టి లాగేదీ అదే.

ఇక మీ నలభై ప్రశ్నల విషయం. అన్నిటినీ బతికించలేరు, అన్నిటినీ పారేయనక్కరలేదు. కీలో ఏం మిగిలిందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మీ కాగితాల్లో ఇలాంటిది ఒకటి ఉందనుకుందాం: "రంగు వేసిన రెండు మూలకాలలో దేని విలువ ఎక్కువ? కారణం రాయండి. జవాబు: ఎడమ వైపున ఉన్నది. దాని p ఆర్బిటాళ్లు సగం నిండి ఉన్నాయి."

చూడడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ ఇందులో చాలా ఉంది. p ఆర్బిటాళ్లు సగం నిండడమంటే p³, అంటే 15వ గ్రూపు. "ఎడమ వైపున" అన్నారు కాబట్టి రెండో మూలకం దానికి కుడి పక్కన ఉన్న 16వ గ్రూపుది. సగం నిండడాన్ని కారణంగా చూపిస్తూ ఎడమ వైపు మూలకానికి ఎక్కువ విలువ ఇచ్చారంటే ధర్మం మొదటి అయనీకరణ శక్తి. వ్యాసార్ధమైతే ఎడమ వైపుది ఎక్కువ కావడం మామూలే, దానికి ఈ కారణం రాయనక్కరలేదు. ఋణవిద్యుదాత్మకతైతే కుడి వైపుది ఎక్కువ కావాలి. గ్రూపులు తేలాయి, ధర్మం తేలింది.

తేలనిది పీరియడ్. ఇక్కడ తొందరపడి ఏదో ఒక వరుసను ఎంచుకోకండి. రెండో పీరియడ్‌లో నైట్రోజన్, ఆక్సిజన్ల మధ్య తేడా 88 కిలోజౌళ్లు. మూడో పీరియడ్‌లో ఫాస్ఫరస్‌ది 1012, సల్ఫర్‌ది 1000, తేడా పన్నెండే. నాలుగో పీరియడ్‌లో ఆర్సెనిక్, సెలీనియంలలో ఆర్సెనిక్‌దే ఎక్కువ గానీ తేడా ఇంకా చిన్నది. ఐదో పీరియడ్‌కు వచ్చేసరికి వరుస తిరగబడుతుంది. టెల్లూరియం అయనీకరణ శక్తి 869, ఆంటిమొనీది దాదాపు 831. పెద్ద పరమాణువులో జత ఎలక్ట్రాన్ల వికర్షణ ప్రభావం తగ్గిపోయి, పీరియడ్‌లో కుడికి పోయేకొద్దీ పెరగడమనే మామూలు ధోరణి పైచేయి అవుతుంది. కాబట్టి కీని బట్టి ఆంటిమొనీ, టెల్లూరియం జంట కాదని తేల్చవచ్చు. మిగిలిన మూడు జంటల్లో తేడా స్పష్టంగా ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్లను తీసుకోండి. ప్రశ్న ఇలా అవుతుంది:

"నైట్రోజన్, ఆక్సిజన్ మూలకాలలో దేని మొదటి అయనీకరణ శక్తి ఎక్కువ? వాటి ఎలక్ట్రాన్ విన్యాసాల ఆధారంగా కారణం రాయండి."

పాత ప్రశ్న అచ్చంగా ఇదే అని చెప్పలేం. ఫాస్ఫరస్, సల్ఫర్ అయి ఉండవచ్చు. అందుకే దాని పక్కన "పునర్నిర్మించినది" అని గుర్తు పెట్టుకోండి. ఫలానా సంవత్సరం పరీక్షలో వచ్చింది అని మాత్రం రాయకండి. పిల్లలకు మనం ఇవ్వగలిగింది సరైన ప్రశ్న. అసలు ప్రశ్న మన దగ్గర లేదు.

అదే పద్ధతిలో "ఎడమ వైపుది ఎక్కువ, s ఉపకక్ష్య పూర్తిగా నిండింది" అని ఉంటే 2వ గ్రూపు, 13వ గ్రూపు జంట. బెరీలియం 899, బోరాన్ 801. లేదా మెగ్నీషియం 738, అల్యూమినియం 578. ఇక్కడ రెండూ స్పష్టంగానే ఉన్నాయి, ఏదైనా రాయవచ్చు. కీలో "(2)" అనే అంకె తప్ప ఇంకేమీ లేకుండా, ఆప్షన్లలో A, B, C, D అక్షరాలు మాత్రమే ఉంటే ఆ ప్రశ్నను వదిలేయండి. దాని నుంచి లాగగలిగిందేమీ లేదు. ఊహించి పేర్లు పెట్టి పాత కీ అంటిస్తే తప్పు నేర్పినవాళ్లమవుతాం.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఇలాగే బొమ్మ పోయిన ప్రశ్న ఒకటి వచ్చింది. 17వ గ్రూపులో పైనున్న రెండు గళ్లు, "ఎలక్ట్రాన్ అఫినిటీ" అన్న మాట, జవాబు "కింది మూలకం" అని మిగిలాయి. గ్రూపులో పై నుంచి కిందికి పోతే విలువ తగ్గుతుందన్న సూత్రం నా తలలో నాటుకుపోయి ఉంది. కీలో అచ్చుతప్పు పడిందనుకుని "ఫ్లోరిన్" అని దిద్ది పంపాను. కీ సరైనదే. ఫ్లోరిన్ పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహిస్తే మోలుకు 328 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది, క్లోరిన్ గ్రహిస్తే 349. ఫ్లోరిన్ చాలా చిన్న పరమాణువు. దాని రెండో కక్ష్యలో అప్పటికే ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి, కొత్తగా వచ్చేదాన్ని అవి నెడతాయి. క్లోరిన్‌లో చోటు ఎక్కువ. ఆక్సిజన్, సల్ఫర్ల మధ్యా ఇదే జరుగుతుంది: 141, 200. ఆ పరీక్షలో క్లోరిన్ అని సరిగ్గా రాసిన పిల్లలకు మార్కులు పోయాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కీకీ, మీకు గుర్తున్న సూత్రానికీ పొసగనప్పుడు కీని దిద్దే ముందు ఆ రెండు మూలకాల అంకెలు పుస్తకంలో వెతకండి. ప్రశ్న తయారుచేసినవారు రంగు వేయడానికి తరచు ఎంచుకునేది సూత్రం తప్పే గళ్లనే.

ఈ ధర్మంలోనే మాటల చిక్కు ఇంకొకటి ఉంది. ఇంటర్ పుస్తకాలలో ఎలక్ట్రాన్ గ్రాహ్య ఎంథాల్పీ అని రుణ గుర్తుతో ఇస్తారు: క్లోరిన్‌కు −349, ఫ్లోరిన్‌కు −328. "దేని ఎలక్ట్రాన్ గ్రాహ్య ఎంథాల్పీ ఎక్కువ?" అని అడిగితే లెక్కల్లో చురుకైన పిల్ల −328 పెద్దదని ఫ్లోరిన్ రాస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. బొమ్మ ఉన్నా ఈ చిక్కు తీరదు, మాట మార్చాలి. "ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహించినప్పుడు ఫ్లోరిన్, క్లోరిన్ పరమాణువులలో ఏది ఎక్కువ శక్తిని విడుదల చేస్తుంది?" అని రాస్తే రెండో అర్థానికి తావుండదు.

వ్యాసార్ధం ప్రశ్నలలో "పరమాణు వ్యాసార్ధం" అని రాస్తే చాలాసార్లు సరిపోతుంది గానీ రెండు చోట్ల జాగ్రత్తపడాలి. మొదటిది జడవాయువులు. నియాన్‌కు ఇచ్చే వ్యాసార్ధం వాండర్‌వాల్స్ వ్యాసార్ధం, ఫ్లోరిన్‌కు ఇచ్చేది సమయోజనీయ వ్యాసార్ధం. కొలిచే పద్ధతులే వేరైనప్పుడు రెంటినీ పక్కన పెట్టి పోల్చమనడం న్యాయం కాదు. మీ ప్రశ్నలో 18వ గ్రూపు గడి ఉందని తేలితే దాన్ని వదిలేయడం మేలు. రెండోది అల్యూమినియం, గాలియం జంట. లోహ వ్యాసార్ధాలు తీసుకుంటే అల్యూమినియం 143 పికోమీటర్లు, గాలియం 135. ఒక కక్ష్య పెరిగినా గాలియం చిన్నదైంది. మధ్యలో చేరిన పది 3d ఎలక్ట్రాన్లు కేంద్రక ఆకర్షణను సరిగా అడ్డుకోలేకపోవడమే కారణం. సమయోజనీయ వ్యాసార్ధాల పట్టికలలో మాత్రం ఆ రెండూ దాదాపు సమానంగా కనిపిస్తాయి. ఈ జంటను అడిగితే "లోహ వ్యాసార్ధం" అని తప్పక రాయండి.

రంగు గళ్లు మూలకాలను చూపిస్తాయి, ప్రశ్న మాత్రం అయాన్ల గురించి అయి ఉండవచ్చు. దీన్ని కీ క్రమమే పట్టిస్తుంది. ఆక్సిజన్, ఫ్లోరిన్, సోడియం, మెగ్నీషియం అని నాలుగు ఉండి, పరిమాణం తగ్గే క్రమం కూడా అదే వరుసలో ఇచ్చారనుకోండి. పరమాణువులలో అన్నిటికన్నా పెద్దది సోడియం, అది మొదట రావాలి. రాలేదంటే పోల్చినవి O²⁻, F⁻, Na⁺, Mg²⁺ అయాన్లు. నాలుగింటిలోనూ పదేసి ఎలక్ట్రాన్లే ఉంటాయి. కేంద్రక ఆవేశం 8, 9, 11, 12 అని పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. ప్రశ్నలో అయాన్లను ఆవేశాలతో సహా రాయండి, పేర్లు మాత్రమే రాస్తే మీ కీ తప్పవుతుంది.

బాణం గుర్తు పోయిన ప్రశ్నలు కూడా మీ దగ్గర ఉండే ఉంటాయి: "బాణం దిశలో పెరిగే ధర్మం ఏది?" దీన్ని మాటల్లో పెట్టేటప్పుడు మొదలు, చివర మూలకాల పేర్లు రెండూ రాయండి. "ఎడమ నుంచి కుడికి" అంటే చాలదు. "లిథియం నుంచి ఫ్లోరిన్ వరకు ప్రతి మెట్టులోనూ పెరిగే ధర్మం" అని అడిగితే అది ఋణవిద్యుదాత్మకత. 0.98 నుంచి 3.98 దాకా ఎక్కడా తగ్గకుండా పెరుగుతుంది. అయనీకరణ శక్తి బోరాన్ దగ్గర ఒకసారి, ఆక్సిజన్ దగ్గర ఒకసారి తగ్గుతుంది. "ప్రతి మెట్టులోనూ" అన్న మాట లేకపోతే, ఆప్షన్లలో రెండు ధర్మాలూ ఉన్నప్పుడు రెండూ సరైనవే అని వాదించే విద్యార్థికి మీ దగ్గర జవాబు ఉండదు.

పాత కాగితాల నుంచి టైపు చేయించారు కాబట్టి గ్రూపు అంకెలను ప్రత్యేకంగా చూసుకోండి. పాత పుస్తకాలలో IA, VA, VIIA అని రాసేవారు. వాటిని "ఐదవ గ్రూపు", "ఏడవ గ్రూపు" అని పిలవడమూ మామూలే. 1 నుంచి 18 వరకు అంకెలు వేసే పద్ధతిని అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం సిఫారసు చేసింది 1980ల చివరలో. పాత ప్రశ్నలో "ఐదవ గ్రూపు మూలకం" అంటే నైట్రోజన్ కుటుంబం, అంటే నేటి 15వ గ్రూపు. దాన్ని యథాతథంగా వదిలేస్తే ఇప్పటి విద్యార్థి పట్టిక తీసి వెనేడియం గడి మీద వేలు పెడతాడు. గ్రూపు అంకె ఒక్కటే ఆధారంగా ఉన్న ప్రశ్నలో ఏ పద్ధతి అంకె అన్నది ముందు తేల్చుకుని, ఆ తరువాతే మూలకం పేరు రాయండి.

పేర్లు రాసినందువల్ల ప్రశ్న కఠినమవుతుందని మీకు అనిపించవచ్చు. కొంత నిజమే. రంగు గడి మూలకం స్థానాన్ని ఉచితంగా చూపించేది. "సెలీనియం" అని పేరు రాస్తే అది ఎక్కడుందో పిల్లవాడు గుర్తు తెచ్చుకోవాలి. మీరు పరీక్షించదలిచింది ధోరణి మాత్రమే అయితే స్థానాన్ని మీరే ఇవ్వండి: "సల్ఫర్, సెలీనియం (పరమాణు సంఖ్యలు 16, 34) రెండూ 16వ గ్రూపు మూలకాలు. వీటిలో దేని మొదటి అయనీకరణ శక్తి ఎక్కువ?" పదో తరగతికి ఇలా అడగండి. ఇంటర్ పిల్లలకు పేర్లు చాలు. బొమ్మలో గళ్ల మీద చిహ్నాలకు బదులు A, B అని అక్షరాలు వేసిన ప్రశ్న అయితే, కీ నుంచి మూలకాలు తేలినప్పుడు పేర్లకు బదులు "A విన్యాసం 2s² 2p³, B విన్యాసం 2s² 2p⁴" అని ఇవ్వవచ్చు. అప్పుడు స్థానాన్ని కనుక్కోవడం కూడా ప్రశ్నలో భాగంగానే ఉంటుంది, బొమ్మ అవసరమూ ఉండదు.

పని మొదలుపెట్టేటప్పుడు నలభైనీ ఒకేసారి ముందేసుకోకండి. జవాబుతో పాటు కారణం కూడా మిగిలిన వాటిని ముందు విడదీయండి. అవి త్వరగా తేలుతాయి. మూలకం పేరు మాత్రమే జవాబుగా ఉన్నవాటిని తరువాత తీయండి. వాటిలో రెండో మూలకాన్ని మీరే ఎంచుకోవలసి వస్తుంది, కాబట్టి రెండింటి అంకెలూ పుస్తకంలో చూసి, తేడా స్పష్టంగా ఉన్న జంటనే రాయండి. తిరిగి రాసిన ప్రతి ప్రశ్ననూ కీ చూపించకుండా మీ ఇంటర్ విద్యార్థి ఒకరి చేత చేయించండి. ఆ పిల్ల "ఏ వ్యాసార్ధం టీచర్?" అని గానీ "అయానా, పరమాణువా?" అని గానీ అడిగిన చోట వాక్యంలో ఇంకొక మాట చేర్చాలి.